తొమ్మిది నెలల అతిథికి హోటల్ ఏమని జవాబివ్వాలి?

"మాతో తొమ్మిది నెలల పాప వస్తోంది. గదిలో బేబీ కాట్ వేస్తారా? రెస్టారెంట్‌లో హైచైర్ ఉంటుందా? పాప తినడానికి ఏమైనా చేసి పెడతారా?"

హోటల్ రిజర్వేషన్ డెస్క్‌కు ఇంతకంటే మామూలు మెయిల్ ఉండదు. వెళ్లే జవాబు కూడా అంతే మామూలుగా ఉంటుంది. "తప్పకుండా మేడం. మీ రిక్వెస్ట్ నోట్ చేసుకున్నాం. లభ్యతను బట్టి ఏర్పాటు చేస్తాం." అడిగినవి మూడు ప్రశ్నలు, ఒక్కదానికీ జవాబు లేదు. చదివిన తల్లిదండ్రులకు మాత్రం మూడింటికీ సరే అన్నట్టే ఉంటుంది. పేచీ అంతా ఇక్కడే మొదలవుతుంది.

ఆ జవాబు రాసిన ఉద్యోగి అబద్ధం చెప్పాలనుకోడు. అతని ఎదురుగా ఉన్న కంప్యూటర్‌లో ఏ రోజున ఎన్ని గదులు ఖాళీయో కనిపిస్తుంది. హౌస్‌కీపింగ్ స్టోర్‌లో ఎన్ని బేబీ కాట్లు ఉన్నాయో, వాటిలో ఎన్ని మరమ్మతులో ఉన్నాయో చాలా చోట్ల కనిపించదు. వంద గదులున్న హోటల్లోనూ ఇవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. బుకింగ్ యాప్‌లో ‘స్పెషల్ రిక్వెస్ట్’ గడిలో రాసింది రిజర్వేషన్ కింద ఒక గమనికగా చేరుతుంది, అంతే. గది మన పేరున బ్లాక్ అవుతుంది, కాట్ కాదు. అందరికీ సెలవులున్న వారాంతంలో ఎవరు ముందు చెకిన్ అయితే వాళ్లకే కాట్ దక్కుతుంది.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. హైదరాబాద్ దంపతులు, తొమ్మిది నెలల పాప, విశాఖ బీచ్ రోడ్డులో రెండు రాత్రుల బస. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం వందేభారత్ ఎక్కితే విశాఖలో దిగేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. సామాను దింపుకుని, కారు మాట్లాడుకుని హోటల్ చేరేసరికి అర్ధరాత్రి. ఆ వేళకు హౌస్‌కీపింగ్‌లో నైట్ షిఫ్ట్ కుర్రాడు ఒక్కడే ఉంటాడు. స్టోర్ తాళం ఎవరి దగ్గరుందో అతను కనుక్కోవాలి. కిచెన్ సర్దేసి ఉంటుంది. పాప ఏడుపు లంకించుకుని ఉంటుంది. ‘లభ్యతను బట్టి’ అన్న మాటకు అసలు అర్థం ఆ తల్లిదండ్రులకు అప్పుడు తెలుస్తుంది.

అదే హోటల్ నుంచి నాలుగు రోజుల ముందు ఇలాంటి జవాబు వచ్చి ఉంటే?

"నమస్కారం మేడం. పాప కోసం వలగోడలున్న మడత బేబీ కాట్ ఒకటి మీ పేరున పక్కన పెట్టించాం. పొడవు సుమారు నూట నాలుగు సెంటీమీటర్లు, వెడల్పు డెబ్బై నాలుగు. 15 కిలోల వరకు ఆగుతుంది. ట్విన్ బెడ్ గదిలో దీనికి చోటు చాలదు కాబట్టి మీకు ఒకే పెద్ద మంచం ఉన్న గది కేటాయించాం. మీరు అర్ధరాత్రి వస్తున్నారు, అందుకని రాత్రి తొమ్మిదికల్లా గదిలో వేసి ఉంచుతాం. దీనికి అదనపు చార్జీ లేదు. రెస్టారెంట్‌లో హైచైర్లు నాలుగే ఉన్నాయి, వాటిని రిజర్వ్ చేయలేం. ఆదివారం ఎనిమిదిన్నర నుంచి పది వరకు రద్దీ ఎక్కువ. ఎనిమిదిలోపు వస్తే తప్పక దొరుకుతుంది. లేదంటే టిఫిన్‌తో పాటు ఒక చైర్ గదికే పంపిస్తాం. పాపకు ఉప్పు, కారం, పోపు లేకుండా మెత్తటి పెసరపప్పు అన్నం చేసిస్తాం. ముందు రోజు రాత్రి ఎనిమిదిలోపు చెప్పాలి. ఇడ్లీ పిండిలో ఉప్పు ముందే కలిసి ఉంటుంది, ఉప్పు లేని ఇడ్లీ ఇవ్వలేం. మా కిచెన్‌లో పల్లీలు రోజూ వాడతాం, పాపకు వాటితో ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి. మీరు వచ్చే వేళకు కిచెన్ మూసి ఉంటుంది. గదిలో కెటిల్, రెండు అరటిపళ్లు పెట్టిస్తాం. పాలపొడి, బాటిల్ స్టెరిలైజర్ మా దగ్గర లేవు."

ఈ జవాబులో ఔనన్నవి ఎన్నో కాదన్నవీ దాదాపు అన్నే. దీని విలువంతా ఆ కాదన్న వాటిలోనే ఉంది. పాలపొడి దొరకదని నాలుగు రోజుల ముందు తెలిస్తే డబ్బా సంచిలో పెట్టుకుంటారు. అర్ధరాత్రి తెలిస్తే మందుల షాపు కోసం ఊరంతా తిరుగుతారు.

అయితే ఇలాంటి జవాబు రావాలంటే అడిగే మెయిల్‌లోనూ సరుకుండాలి. ‘చిన్న పాప’ అంటే హోటల్‌కు ఏమీ తెలియదు. నెలలు, బరువు, పాప తనంతట తాను కూర్చుంటోందా, పట్టుకుని నిలబడుతోందా, హోటల్‌కు చేరే సమయం, ఈ ఐదూ రాస్తే చాలు. నిలబడే పిల్లకు బాసినెట్ లాంటి లోతు తక్కువ తొట్టి పనికిరాదు, అంచు పట్టుకుని లేచి ముందుకు పడిపోతుంది. కొన్ని మడత కాట్లలో పైన తగిలించే చిన్న పరుపు అరలు వస్తాయి. అవీ నెలల పసికందులకే. తొమ్మిది నెలల పాపకు పరుపు కాట్ అడుగునే ఉండాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు అక్కడి హోటళ్లకు రాసేటప్పుడు ‘క్రిబ్’ అనో ‘ప్యాక్ అండ్ ప్లే’ అనో అడగాలి. ఇక్కడి అలవాటు కొద్దీ కాట్ అని రాస్తే పెద్దవాళ్లు పడుకునే మడత మంచం గదిలో ప్రత్యక్షమవుతుంది.

కాట్ వచ్చింది. ఇక అది ఎలా ఉందో చూసుకోవాలి. ఈ చూసుకోవడం వెనుక ఒక విషాదం ఉంది. 1998లో షికాగోలో పిల్లల్ని చూసుకునే ఒక ఇంట్లో డానీ కీసర్ అనే పసివాడు మడత కాట్‌లో చనిపోయాడు. పక్క కడ్డీలు మధ్యలో కుంగి వీ ఆకారంలో మడతపడి మెడ ఇరుక్కుంది. ఆ కాట్ ప్లేస్కూల్ పేరున అమ్ముడైన ట్రావెల్ లైట్ మోడల్. ప్రమాదకరమని 1993లోనే దాన్ని వెనక్కి పిలిచారు. ఆ కబురు అది వాడుతున్న ఇంటికి చేరనే లేదు. డానీ తల్లిదండ్రులు ‘కిడ్స్ ఇన్ డేంజర్’ అనే సంస్థ పెట్టారు. పిల్లల సామాను మీద 2008లో అమెరికా చేసిన చట్టంలో ఒక భాగానికి ఆ పిల్లవాడి పేరే పెట్టారు. ఆ తర్వాత ఒక పక్క గోడ కిందికి జారే పాతరకం కర్ర క్రిబ్‌ల అమ్మకాన్ని 2011లో ఆపేశారు. కొత్త ప్రమాణాలకు తగ్గ క్రిబ్‌లు మార్చుకోవడానికి హోటళ్లకు 2012 డిసెంబర్ 28 వరకు గడువిచ్చారు. ఆ చట్టం హోటళ్లను పేరుపెట్టి చేర్చడానికి కారణం సులువుగానే అర్థమవుతుంది. ఇంట్లో కాట్‌ను ఒకరిద్దరు పిల్లలు వాడతారు, హోటల్ కాట్‌ను వారానికో బిడ్డ వాడుతుంది. వారానికోసారి మడిచి, స్టోర్‌లోకి తోసి, మళ్లీ లాగి తెరిచే వస్తువు తొందరగా వదులవుతుంది.

కాబట్టి పాపను పడుకోబెట్టే ముందు నాలుగు వైపులా పై కడ్డీల మధ్య భాగాన్ని అరచేత్తో గట్టిగా కిందికి నొక్కాలి. లాక్ పడితే కదలదు. కొంచెం కుంగినా ఆ కాట్ వద్దు. చాలా మోడళ్లలో ముందు నాలుగు కడ్డీలూ బిగించాకే అడుగు మధ్య భాగాన్ని కిందికి తొక్కాలి. ఈ వరస తప్పితే కడ్డీలు లాక్ కావు. హడావిడిలో కాట్ వేసిన కుర్రాడు చేసే పొరపాటు సాధారణంగా ఇదే. ఒక్కసారి మడిచి మళ్లీ తెరిస్తే సరిపోతుంది. వల ఎక్కడైనా చిరిగిందా, చక్రాలుంటే వాటి బ్రేకులు పడుతున్నాయా అన్నది తర్వాత చూడాలి.

పరుపు దగ్గర హోటల్ వాళ్ల మంచితనమే చిక్కు తెచ్చిపెడుతుంది. మడత కాట్‌తో వచ్చే పరుపు పలచగా, అట్టలా గట్టిగా ఉంటుంది. అయ్యో, పసిపిల్ల దీని మీద ఎలా పడుకుంటుందని కింద ఒక క్విల్ట్ మడిచి వేస్తారు, చుట్టూ దిళ్లు పేరుస్తారు, పైన టవల్‌తో హంస బొమ్మ చేసి పెడతారు. చూడముచ్చటగా ఉంటుంది. అన్నీ తీసేయాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఏళ్ల తరబడి చెబుతున్న మాట, 2022లో కొత్తగా సవరించినప్పుడూ మార్చని మాట ఒక్కటే. ఏడాదిలోపు బిడ్డ సమతలంగా, గట్టిగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోవాలి, పక్కన దిండు, దుప్పటి, బొమ్మ ఏదీ ఉండకూడదు. మెత్తటి పరుపులో మొహం కూరుకుపోతే ఆ వయసు పిల్లలు తలతిప్పి ఊపిరి తీసుకోలేకపోవచ్చు. అదనంగా వేసిన పరుపు ఇంకో ప్రమాదం తెస్తుంది. అది కాట్ కొలతకు సరిపోక పక్కన సందు వదులుతుంది, బిడ్డ దొర్లి ఆ సందులో ఇరుక్కుంటుంది. పరుపుకీ గోడకీ మధ్య రెండు వేళ్లకు మించి దూరితే ఆ పరుపు ఆ కాట్‌ది కాదు. ఏసీ చలికి దుప్పటి బదులు చేతులు నిండిన బట్టలు వేసి, ఏసీ గాలి తిన్నగా తగలని చోట, కిటికీ తెర తాళ్లు అందనంత దూరంలో కాట్ వేయించుకోవాలి.

కాట్ దొరకలేదే అనుకోండి. మన ఇళ్లలో చేసినట్టు గోడవారగా మంచం జరిపి, ఇవతల దిళ్లు అడ్డం పెట్టి పడుకోబెడతారు చాలామంది. హోటల్ మంచం ఇంటి మంచం కంటే ఎత్తుగా, పరుపు మెత్తగా ఉంటుంది. గోడకూ పరుపుకూ మధ్య సందు ఎప్పుడూ ఉంటుంది. దిళ్లు అడ్డుకట్ట కావు, అవి మొహానికి అడ్డం పడే వస్తువులు. సోఫా అయితే ఇంకా ప్రమాదం. అంతకంటే గట్టి పరుపొకటి నేల మీద, గోడకు ఎడంగా వేయించుకోవడం నయం. అడిగితే చాలా హోటళ్లు వేస్తాయి. లేదా నాలుగు రోజుల ముందే ‘కాట్ ఖాయంగా ఇవ్వలేం’ అన్న జవాబు తెప్పించుకుంటే ఇంటి నుంచే మడత కాట్ తీసుకెళ్లొచ్చు.

హైచైర్ గురించి ఇంత చెప్పనక్కర్లేదు. బిడ్డ ఆసరా లేకుండా కూర్చోగలిగితేనే, అంటే సుమారు ఆరు నెలలు దాటాక, అది పనికొస్తుంది. రెస్టారెంట్లలో ఎక్కువగా కనిపించేది ఒకదాని మీద ఒకటి పేర్చే కర్ర చైర్. దానికి ముందుగా పాడయ్యేది బెల్టు, క్లిప్పు ఊడి కట్టు ఊరికే వేలాడుతుంటుంది. నడుము చుట్టూ వచ్చే పట్టీతో పాటు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉండాలి. అది లేకపోతే బిడ్డ కిందికి జారి నడుము పట్టీకి మెడ తగులుతుంది. బెల్టు లేని చైర్ ఇచ్చి ‘ఏం కాదు సార్, పక్కనే ఉన్నాం కదా’ అంటే ఒప్పుకోకూడదు. ఇంకో చైర్ అడగాలి, లేదంటే ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మేలు. ట్రే లేని చైర్‌ను టేబుల్‌కు దగ్గరగా జరుపుతారు. అప్పుడు పాప కాళ్లతో టేబుల్ అంచును తన్నితే చైర్ వెనక్కి పడిపోయే ప్రమాదం ఉంది. పొగలు కక్కే సాంబారు గిన్నె, కాఫీ కప్పు ఆ చిన్న చేతికి అందేచోట ఉంచకూడదని వేరే చెప్పాలా?

ఇక తిండి. హోటళ్లలో కిడ్స్ మెనూ అన్నది మూడేళ్లు దాటిన పిల్లల కోసం రాసింది. ఫ్రెంచ్ ఫ్రైస్, పాస్తా, చీజ్ శాండ్‌విచ్. తొమ్మిది నెలల పాపకు వాటిలో ఒక్కటీ పనికిరాదు. విమానాల వాళ్లు ఈ తేడాను ముందే గుర్తించి రెండు కోడ్లు పెట్టుకున్నారు. BBML అంటే పసిబిడ్డ భోజనం, CHML అంటే పిల్లల భోజనం. టికెట్‌లో ఏది పడిందో చూసుకోవాలి. హోటళ్లకు అలాంటి కోడ్ లేదు కాబట్టి నెలలు చెప్పి, ఏం కావాలో వంటకం పేరుతో అడగడమే దారి.

‘ఉప్పు, కారం లేకుండా పప్పు తెచ్చిపెట్టు బాబూ’ అని టిఫిన్ వేళ స్టీవార్డును అడిగితే అతను తల ఊపి లోపలికి వెళ్తాడు. లోపల పప్పు అప్పటికే ఉప్పు, పసుపు వేసి పెద్ద గిన్నెలో ఉడికి, పోపు పడి ఉంటుంది. కారం కనబడకుండా పై తేట తీసి తెస్తాడు. అతని తప్పు కాదది, పది మంది అతిథులు కేకలు వేస్తుండగా కుక్కర్ పెట్టి పావుకిలో పెసరపప్పు విడిగా ఉడికించే తీరిక ఎవరికీ ఉండదు. అదే ముందు రోజు రాత్రి చెబితే ఆ మాట కేఓటీగా మారి కిచెన్‌కు చేరుతుంది. ‘బేబీ ఫుడ్, నో సాల్ట్, నో చిల్లీ, నో తడ్కా’ అని కాగితం మీద పడిన మాటను పొద్దున షిఫ్ట్ వంటవాడు పెద్ద గిన్నెలో ఉప్పు పడకముందే చూస్తాడు. గుప్పెడు పప్పు, గుప్పెడు బియ్యం పక్కన తీసి ఉడికిస్తాడు. అతనికది పెద్ద పనేమీ కాదు, ముందు తెలియాలి అంతే.

ఎంత అడగాలన్నది కూడా చెబితే మంచిది. తొమ్మిది నుంచి పదకొండు నెలల పిల్లలకు పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తల్లిపాలు ఎలాగూ నడుస్తుంటాయి. రోజుకు మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు. ఈ వయసులో మిక్సీలో వేసి పేస్టు చేయనక్కర్లేదు. వేళ్లతో నలిపితే మెదిగేట్టుంటే చాలు. అరటిపండు, ఉడికించిన క్యారెట్, బంగాళాదుంప, పైన కాస్త నెయ్యి ఏ హోటల్ కిచెన్‌లోనైనా ఉంటాయి. పాలకూ ఒక షరతుంది. కార్న్‌ఫ్లేక్స్ పక్కన పెట్టిన ఆవుపాలు ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాలకో డబ్బా పాలకో బదులుగా పట్టకూడదని పిల్లల డాక్టర్లు చెబుతారు.

బఫేలో రెండు చోట్ల జాగ్రత్త. మొదటిది తేనె. బిడ్డ ముద్దుగా ఉందని స్టీవార్డు పాన్‌కేక్ ముక్క మీద తేనె చుక్క వేసి తెస్తాడు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ఒక చుక్క కూడా వద్దు. దానిలో ఉండే అవకాశమున్న ఒక బ్యాక్టీరియా బీజాలు పెద్దవాళ్లనేమీ చేయవు గానీ పసిపేగుల్లో మొలకెత్తి బాట్యులిజం అనే జబ్బు తెస్తాయి. రెండోది గరిటె. పల్లీ చట్నీలో ముంచిన గరిటె పక్క గిన్నెలోకి వెళ్లడం మన టిఫిన్ బఫేల్లో రోజూ జరిగేదే. పల్లీ ఎలర్జీ ఉన్న బిడ్డకు బఫే నుంచి ఏదీ తీయకుండా కిచెన్ నుంచి విడిగా తెప్పించాలి.

డబ్బా పాలు తాగే పిల్లలకు గదిలోని కెటిలే అన్నింటికన్నా పెద్ద సాయం. పాలపొడి క్రిములు లేనిది కాదు, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 70 డిగ్రీలకు తగ్గని నీటిలో కలపమంటుంది. నీళ్లు మరిగాక అరగంటలోపే వాడితే వేడి ఆ మాత్రం ఉంటుంది. కలిపాక బాటిల్‌ను చన్నీళ్లలో ఉంచి చల్లార్చి పట్టాలి, రెండు గంటలు దాటితే పారబోయాలి. మన కుటుంబంలా అర్ధరాత్రి చేరేవాళ్లు గదిలోకి వెళ్లగానే మొదట చేయాల్సిన పని ఒకసారి కెటిల్ నింపి మరిగించి ఆ నీళ్లు పారబోయడం. ముందున్న అతిథి అందులో నూడుల్స్ వండుకున్నాడేమో ఎవరికి తెలుసు!

ఇంతా రాయించుకున్నాక కూడా చివరి పని ఒకటి మిగులుతుంది. రిజర్వేషన్ డెస్క్‌లో మెయిల్ రాసిన మనిషి పగటి షిఫ్ట్‌లో పనిచేస్తాడు. అర్ధరాత్రి తలుపు తీసే మనిషి వేరు. కాబట్టి ప్రయాణం రోజు, రైలు రాజమండ్రి దాటే వేళకి, హోటల్‌కు ఫోన్ చేసి డ్యూటీ మేనేజర్‌నే అడగండి. "మా గదిలో బేబీ కాట్ వేశారా?" అన్నది ఒక్కటే ప్రశ్న. ‘వేస్తాం సార్’ అంటే ఇంకా వేయలేదని అర్థం. ‘వేశాం సార్, రూమ్ నంబర్ ఇదీ’ అన్నదాకా ఫోన్ పెట్టకండి.